ప్రభలు వెళ్ళే దారిలో లారీ

నేను చేసే ఉద్యోగం పేరు డిస్పాచ్. తెలుగులో ఏమనాలని ఎవరైనా అడిగితే నాకు ఇప్పటికీ సరైన మాట దొరకదు. మా అమ్మమ్మ మాత్రం "మావాడు లారీలు ఎక్కిస్తాడు" అని ఊళ్ళో అందరికీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. హైదరాబాదు శివార్లలో పటాన్‌చెరు వైపున్న ఒక కర్మాగారంలో, శీతల గిడ్డంగులకు గోడలుగా నిలిపే ప్యానెళ్ళు తయారవుతాయి. రెండు రేకుల మధ్య నురుగు పోసి గట్టిపరచిన పలకలవి. అవి తయారైన దగ్గరనుంచి కొన్నవారి గుమ్మంలో దిగేదాకా వాటి మంచిచెడ్డలు చూసుకోవడం నా పని.

ఈ పనిలో సరుకు పంపడం కష్టమని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో, బయలుదేరవలసిన సరుకును మర్యాదగా ఆపడం అంతకంటె కష్టం. కొన్నవాడు "ఆ రోజు వద్దండీ" అనగానే "సరేనండీ" అనేయవచ్చు. కాని ఆ సరుకు కోసం ఒక లారీ ఎక్కడో ఖాళీ అయి మనవైపు రావడానికి సిద్ధంగా ఉంటుంది. మనం ఒకరికి ఇచ్చిన మాట మార్చుకుంటున్నామనుకుంటాము గాని, నిజానికి అక్కడ మాటలు రెండు ఉంటాయి. 2025 శివరాత్రికి ఈ రెండు మాటల మధ్య ఇరుక్కున్న వైనం కొంచెం వివరంగా రాసుకోవాలనిపించింది.

పల్నాడు జిల్లాలో కోటప్పకొండకు చిలకలూరిపేట వైపున్న ఒక పల్లెలో ఓ పెద్దాయన మిరపకాయల కోసం శీతల గిడ్డంగి కట్టిస్తున్నారు. ఆయనకు మూడు లారీల ప్యానెళ్ళు వెళ్ళాలి. మొదటి లారీలో నలభై ఎనిమిది ప్యానెళ్ళు, ఒక్కొక్కటి ఆరు మీటర్ల పొడవు, నూరు మిల్లీమీటర్ల మందం. ఇరవై నాలుగు అడుగుల తెరిచిన లారీలో రెండు వరుసలుగా పేరిస్తే, వరుసకు ఇరవై నాలుగు వచ్చేసరికి లారీ నిండిపోతుంది. బరువు చూస్తే మూడున్నర టన్నులు కూడా ఉండదు. బరువు తక్కువ, చోటు ఎక్కువ. అందుకే మా సరుకుకు టన్ను లెక్కన బాడుగ కుదరదు, బండికింత అని మాట్లాడుకోవాలి.

అసలు ఒప్పుకున్న తేదీ ఫిబ్రవరి 22, శనివారం. మా దగ్గర నురుగు పోసే యంత్రం రెండు రోజులు మొరాయించడంతో అది 26వ తేదీ బుధవారానికి జరిగింది. కొత్త తేదీకి "అలాగే పంపండి" అన్నవాడు పెద్దాయన కొడుకు. అతను హైదరాబాదులోనే ఉద్యోగం చేస్తూ డబ్బు వ్యవహారాలు చూస్తుంటాడు. క్యాలెండరు అతనూ చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. 26 శివరాత్రి. కోటప్పకొండ పరిసరాల్లో శివరాత్రి అంటే ఏమిటో ఆ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. మిగతావారి కోసం చెబుతున్నాను. చుట్టుపక్కల ఊళ్ళనుంచి త్రికోటేశ్వరస్వామి తిరునాళ్ళకు ప్రభలు కట్టుకొని వెళతారు. వెదుళ్ళతో కట్టి, గుడ్డలతో, విద్యుద్దీపాలతో అలంకరించిన ఎత్తయిన చట్రాలవి. కొన్ని డెబ్బయి, ఎనభై అడుగులు దాటుతాయి. అవి నడిచే దారిలో తీగలకు తగలకుండా కరెంటు ఆపుతారు, వాహనాలను మళ్ళిస్తారు. అటువంటి దారిలోకి, అటువంటి రోజున, నేను లారీ పంపబోతున్నాను.

సోమవారం, 24వ తేదీ, ఉదయం పదకొండు గంటలకు పెద్దాయన స్వయంగా ఫోను చేశారు.

"బాబూ, బుధవారం బండి పంపుతున్నారంటగా? మావాడు ఇప్పుడే చెప్పాడు. ఆ రోజు మా ఊరి ప్రభ కదులుద్ది. దింపడానికి మనిషి దొరకడు. ఒకటి రెండు రోజులు ఆగి పంపండి."

ఆ క్షణంలో నోటిదాకా వచ్చిన మాట "శుక్రవారం పంపిస్తానండీ" అని. మింగేశాను. ఎందుకంటే శుక్రవారం నా చేతిలో లారీ ఉంటుందో లేదో నాకు తెలియదు. "ఒక్క గంటలో నేనే ఫోను చేస్తానండీ, ఈలోగా రెండు మూడు సంగతులు చెప్పండి" అన్నాను. ఈ గంట గడువు అడగడం నేర్చుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఆ కథ తరువాత చెబుతాను.

"ఆ రోజు తీసుకోలేము" అన్న మాటకు అర్థాలు అనేకం. దారి లేకపోవచ్చు. దింపే మనుషులు లేకపోవచ్చు. పెట్టుకునే చోటు సిద్ధం కాకపోవచ్చు. చేతిలో డబ్బు ఆడక ఆ మాట పైకి అనలేకపోవచ్చు. ఒక్కొక్క కారణానికి కొత్త తేదీ ఒక్కొక్క విధంగా వస్తుంది. దారే అడ్డమయితే అది తెరుచుకున్న గంటకు దింపవచ్చు. మనుషులే అడ్డమయితే మనమే నరసరావుపేట నుంచి మనుషులను తీసుకువెళ్ళవచ్చు. చోటు లేకపోతే మాత్రం తేదీ మార్చి ప్రయోజనం లేదు, చోటు ఖాళీ అయ్యేదాకా ఆగవలసిందే. అందుకని ఆయనను అడిగాను: దారి ఎప్పటినుంచి ఎప్పటిదాకా మూస్తారు, దింపేది ఎవరు, దింపినవి ఎక్కడ పెడతారు అని.

దారి మంగళవారం రాత్రి నుంచి గురువారం మధ్యాహ్నం దాకా నమ్మలేమన్నారు. చోటు సిద్ధంగా ఉంది, పైకప్పు వేసిన షెడ్డు ఖాళీగానే ఉంది. దింపేది ఆ ఊరి ముఠా. "శుక్రవారానికి పంపండి, ఫర్వాలేదు" అన్నారు. ఆ "ఫర్వాలేదు"లో నాకు ఎక్కడో మర్యాద వినిపించింది. ముఠా మేస్త్రి నంబరు అడిగి తీసుకున్నాను.

మేస్త్రికి ఫోను చేస్తే వెనకనుంచి డప్పులు. "శుక్రవారమా? బుధవారం రేత్రి జాగారం, గురువారం ప్రభ తిరిగొచ్చుద్ది, శుక్రవారం మావోళ్ళు లేస్తారా అయ్యా? శనివారం పొద్దున్నే ఆరింటికి ఎనిమిది మందిమి ఉంటాం. అది నాదీ పూచీ" అన్నాడు. తలుపు తీసేవాడికీ కొనేవాడికీ మధ్య అచ్చంగా ఒక రోజు తేడా. మొదట 26వ తేదీకి ఒప్పుకున్న కొడుకుదీ ఇదే కథ. అతను తేదీకి ఒప్పుకోగలడు గాని సరుకు దింపుకోలేడు.

అంటే సరుకు చేరవలసినది మార్చి 1, శనివారం ఉదయం. ఎక్కించవలసినది ఫిబ్రవరి 28, శుక్రవారం. ఇక లారీ సంగతి.

ఆ లారీ యజమానికి రెండే బళ్ళు. ఒకటి తాను తోలుతాడు, ఒకటి బావమరిది తోలుతాడు. మా సరుకును ఆ పల్లెకు ఇరవై నాలుగు వేలకు మాట్లాడాడు. ఆ రేటు బజారులో దొరికేది కాదు. ఫిబ్రవరి చివర, మార్చిలో ప్రతి కర్మాగారమూ సంవత్సరాంతపు లెక్కల కోసం సరుకు బయటికి తోస్తుంది, బళ్ళకు గిరాకీ పెరుగుతుంది. ఆ వారం అదే దూరానికి ఇరవై ఏడుకు తక్కువ ఎవరూ అనడంలేదు. మరి ఇతను ఎందుకు ఒప్పుకున్నాడంటే, తిరుగు ప్రయాణంలో దాచేపల్లి నుంచి హైదరాబాదుకు సిమెంటు లోడు కుదుర్చుకున్నాడు కనుక. బుధవారం సాయంత్రానికి అక్కడ అతని బండి వరుసలో నిలబడాలి. లారీవాడి లాభం పోయే దారిలో ఉండదు, వచ్చే దారిలో ఉంటుంది. మనం ఒక్క రోజు జరిపితే అతనికి పోయేది మన బాడుగ ఒక్కటే కాదు, మనకు కనిపించని ఆ రెండో బాడుగ కూడా.

ఈ మాట నాకు ఎవరూ పాఠం చెప్పలేదు. 2012 వానాకాలంలో నెల్లూరు వైపు ఒక చోటికి సరుకు పంపాను. పంపే ముందురోజు కొన్నవాళ్ళు "నేల బురదగా ఉంది, రెండు రోజులు ఆగండి" అన్నారు. లారీ అప్పటికే మా గేటు దగ్గరికి వచ్చి ఉంది. ఆపితే బుకింగు పోతుంది, పైవాళ్ళు మాటంటారు. నేను కొన్నవాళ్ళకు "సరే, చూస్తాను" అన్నాను, డ్రైవరుకు ఏమీ చెప్పలేదు, లారీ పంపించేశాను. అక్కడికి వెళ్ళాక వాళ్ళే దింపుకుంటారులే అన్న ధైర్యం. వాళ్ళు దింపుకోలేదు. లారీ మూడు రోజులు ఆ గేటు ముందు నిలబడింది. డ్రైవరు లారీ కిందే అన్నం వండుకున్నాడు. మూడో రోజు రాత్రి గాలికి టార్పాలిన్ ఒక మూల లేచి పై వరుస తడిసింది. హాల్టింగ్ డబ్బు ఎవరు ఇవ్వాలన్నది తేలక, చివరికి ఎవరూ ఇవ్వలేదు. ఆ లారీ యజమాని నన్ను తిట్టలేదు. తరువాత ఎన్నిసార్లు ఫోను చేసినా "బండి లేదు సార్" అన్నాడు. బండి ఉందని నాకు తెలుసు. ఆనాడు నేను మౌనంగా ఉండడం మోసమని ఒప్పుకోవడానికి చాలాకాలం పట్టింది.

అందుకని 2025లో ఫోను పెట్టేయగానే గడియారం చూసుకున్నాను. లారీ ఆ రాత్రి జహీరాబాదులో ఖాళీ అయి, మంగళవారం ఉదయం పది గంటలకు మా గేటుకు రావాలి. సోమవారం సాయంత్రం అయిదు లోపల చెబితే అతనికి వేరే లోడు వెతుక్కునే అవకాశముంటుంది. ఆ తరువాత చెబితే ఉండదు. కనుక నాకున్నది ఆరు గంటలు. "తెలిసిన వెంటనే లారీ యజమానికి చెప్పెయ్యాలి" అనే మిత్రులున్నారు మా వృత్తిలో. నా అభిప్రాయం కొంచెం వేరు. చేతిలో ఏ ప్రత్యామ్నాయమూ లేకుండా "తేదీ మారింది" అని చెబితే, అతను న్యాయంగానే బండిని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. శుక్రవారానికి నా దగ్గర ఏదీ మిగలదు. కొన్ని గంటలు ఆగడంలో తప్పులేదు. అతనికి నష్టం మొదలయ్యే గంట దాటి ఆగితేనే తప్పు. ఆ గంట ఏదో ముందే తెలుసుకొని ఉండాలి.

ఈలోగా మా అమ్మకాల మేనేజరు గారు వచ్చారు. నెలాఖరు. ఆయన లెక్కలో ఈ లారీ ఇప్పటికే అమ్ముడుపోయింది. "ఒప్పుకున్న తేదీకి పంపు. దింపుకోవడం వాళ్ళ బాధ్యత. హాల్టింగ్ వాళ్ళకే రాద్దాం" అన్నారు. కాగితం మీద ఆయన మాట కాదనలేము, ఒప్పందంలో అలాగే ఉంది. నేను లెక్క వేసి చూపించాను. బుధవారం పొద్దున నరసరావుపేట చేరిన లారీ శనివారం దాకా ఆగాలి. రోజుకు రెండున్నర వేల హాల్టింగ్, మూడు రోజులకు ఏడున్నర వేలు. లారీ యజమానికి సిమెంటు లోడు పోతుంది, అది మన మీదే పడుతుంది. ఆపైన ఇంకొక చిక్కుంది. దూరం 200 కిలోమీటర్లు దాటుతుంది కనుక మంగళవారం పుట్టిన ఈ-వే బిల్లుకు రెండు రోజుల ఆయుష్షు, అంటే గురువారం అర్ధరాత్రి దాకా. పొడిగించుకోవాలంటే గడువుకు ఎనిమిది గంటల ముందునుంచి ఎనిమిది గంటల తరువాతి వరకే వీలు. గురువారం సాయంత్రం నాలుగు నుంచి శుక్రవారం ఉదయం ఎనిమిది మధ్య ఎవరో ఒకరు కంప్యూటరు ముందు కూర్చొని దాన్ని పొడిగించాలి. మరచిపోతే సరుకు చెల్లని కాగితంతో రోడ్డు మీద ఉన్నట్టే. మేనేజరు గారు కాసేపు ఆలోచించి "మరి ఈ నెలలో బిల్లు అవుతుందా?" అన్నారు. శుక్రవారం 28వ తేదీ. ఫిబ్రవరికి అదే ఆఖరు రోజు. "అవుతుందండీ" అన్నాను. ఆయనకు కావలసినది అదే.

నరసరావుపేటలో ఏదైనా ట్రాన్స్‌పోర్టు గోదాములో దింపి, శనివారం చిన్న బండిలో చేరవేద్దామని మా స్టోర్సు కుర్రవాడు సూచించాడు. ఇనుప కడ్డీలయితే నేనూ అదే చేసేవాణ్ణి. ప్యానెలు అంచు మెత్తన. ఒకదానిలో ఒకటి కూర్చునే గాడి అక్కడే ఉంటుంది. అది నొక్కుకుపోతే గోడ కట్టాక ఆ సందులోంచి చలి కారుతుంది. రెండుసార్లు దించి రెండుసార్లు ఎక్కిస్తే నష్టం రెట్టింపు. వద్దన్నాను.

మిగిలింది ఒకటే దారి. మంగళవారం వచ్చే లారీకి ఇంకొక సరుకు చూపించాలి. అది కూడా దాచేపల్లికి దగ్గరగా దిగేదయి ఉండాలి. నా పుస్తకం తిరగేశాను. మిర్యాలగూడ పక్కన ఒక పాల శీతలీకరణ కేంద్రానికి శుక్రవారం వెళ్ళవలసిన లోడు ఒకటి ఉంది. మిర్యాలగూడ నుంచి వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే దాచేపల్లి ఎంతో దూరం లేదు. దారి కూడా అదే, నార్కట్‌పల్లి నుంచి అద్దంకి వెళ్ళే రోడ్డు. పైగా శివరాత్రి అయినా పాలు ఆగవు కదా! ఆ కేంద్రం మూతపడే రోజంటూ ఉండదు.

అయితే మూడు ముళ్ళు విప్పాలి. ఆ లోడులో పన్నెండు ప్యానెళ్ళు ఇంకా కట్టకట్టలేదు. ఉత్పత్తి విభాగంలో వెంకట్రావు గారిని (అసలు పేరు వేరు) బతిమాలితే, రాత్రి షిఫ్టులో పూర్తిచేయిస్తానన్నారు. రెండోది, వాళ్ళను రెండు రోజుల ముందుగా తీసుకొమ్మని అడగడం. ఒకరి కష్టాన్ని ఇంకొకరి నెత్తిన పెడుతున్నానా అన్న శంక నాకు ఉంది. అందుకని కొనుగోలు అధికారిని కాకుండా ముందు అక్కడి స్టోర్సు చూసేవారికే ఫోను చేసి ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పాను. "ఉదయం ట్యాంకర్లు వెళ్ళాక, ఏడు తరువాత రండి. షెడ్డులో పెట్టుకుంటాం. కాని తలుపుల చట్రాలు కూడా దీంతోనే పంపాలి, అవి మళ్ళీ విడిగా వస్తే మాకు కుదరదు" అన్నారు. చట్రాలు సిద్ధంగానే ఉన్నాయి. ఇద్దరికీ మేలే. మూడోది డబ్బు. మిగిలిన మొత్తం చేరితేనే సరుకు కదలాలన్నది మా నియమం. వాళ్ళు గురువారం కట్టాలనుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం లోపల కడతామన్నారు. ఆ ఒక్క ముడి మాత్రం పూర్తిగా విడలేదు, ఆశ మీద ఉంచాను.

మూడున్నరకు లారీ యజమానికి ఫోను చేశాను. జరిగినదంతా చెప్పాను, ప్రభ సంగతి సహా.

"సార్, నాకు బుధవారం పొద్దుగూకేలోపల బండి దాచేపల్లిలో ఉంటే చాలు. మీరు ఏం ఎక్కిస్తే నాకేం?" అన్నాడు. తరువాత కొంచెం ఆగి, "మిర్యాలగూడ అంటే దగ్గరైపోయింది గదా సార్, బాడుగ?"

బేరం అక్కడ మొదలయింది. మిర్యాలగూడకు బజారు రేటు పదిహేను వేలు. అక్కడినుంచి దాచేపల్లికి ఖాళీ బండి నడపాలి కనుక పదిహేడు ఇస్తానన్నాను. అందుకు బదులుగా అడిగినదొక్కటే. శుక్రవారం మళ్ళీ ఇదే బండి రావాలి, పల్లెకు పాత రేటు ఇరవై నాలుగే. గురువారానికి సిమెంటు దింపుకొని హైదరాబాదులోనే ఉంటాడు కాబట్టి అతనికి అది అనుకూలమే. "ఆ వారం రేటు ఇరవై ఏడు నడుస్తోంది సార్" అని గుర్తుచేశాడు. "తెలుసు. అందుకే ఈవేళ రెండు వేలు ఎక్కువ ఇస్తున్నాను" అన్నాను. నవ్వాడు. నా లెక్కలో కాపాడుకోవలసినది బండినే కాదు, ఆ రేటును కూడా. బుకింగు రద్దు చేసి మళ్ళీ చేసుకుంటే బండి దొరకవచ్చు గాని ఆ రేటు దొరకదు.

ఆ తరువాత గాని పెద్దాయనకు తేదీ చెప్పలేదు. గంటలో ఫోను చేస్తానన్నవాణ్ణి నాలుగున్నర గంటలకు చేశాను. మధ్యలో ఒకసారి "ఇంకా పనిలోనే ఉన్నానండీ, సాయంత్రానికి ఖాయంగా చెబుతాను" అని ఒక మాట వేశాను గనుక ఆయన ఏమీ అనుకోలేదు. ఫోనులో చెప్పినదే ఆయనకూ, కొడుక్కూ, మేస్త్రికీ ఒకే సందేశంగా పంపాను. అది ఇలా ఉంది:

"మీ మొదటి లారీ 28 శుక్రవారం సాయంత్రం బయలుదేరి, మార్చి 1 శనివారం ఉదయం ఆరు గంటలకు మీ షెడ్డు దగ్గర ఉంటుంది. దింపడానికి ఎనిమిది మంది ఉంటారని మేస్త్రిగారు చెప్పారు. ఈ తేదీ మళ్ళీ మార్చవలసి వస్తే గురువారం సాయంత్రం నాలుగు లోపల నాకు చెప్పండి. అప్పటిదాకా ఎవరికీ ఖర్చు ఉండదు. ఆ తరువాత మారితే లారీ హాల్టింగ్ రోజుకు 2,500 రూపాయలు మీవైపు నుంచి ఇవ్వవలసి ఉంటుంది. మా వల్ల ఆలస్యమయితే అది మేమే భరిస్తాము."

చివరి వాక్యం మా మేనేజరు గారికి నచ్చలేదు. కాని అది లేకపోతే దానికి ముందున్న వాక్యం బెదిరింపుగా ఉంటుంది. గురువారం నాలుగు గంటలన్నది గాలిలోంచి తీసినది కాదు. ఆ గంట దాకా ఐతే లారీ యజమాని వేరే లోడు చూసుకోగలనని నాకు చెప్పాడు. కొన్నవారికిచ్చే గడువు లారీవాడిచ్చిన గడువుకు లోపలే ఉండాలి. లేకపోతే మధ్యలో మిగిలేది నేను.

ఇక బిల్లు. మా లెక్కల విభాగం వారికి తొందర ఎక్కువ. సోమవారం ఉదయం పది గంటలకే పెద్దాయన పేరున ఈ-ఇన్వాయిస్ తీసి, దానితోపాటే ఈ-వే బిల్లులో మొదటి భాగం కూడా నింపేశారు. లారీ నంబరు వేసే రెండో భాగం మాత్రం ఖాళీ. నిజానికి దాన్ని అలాగే ఉంచవచ్చు. రెండో భాగం నింపిన తరువాతే బిల్లు ఆయుష్షు మొదలవుతుంది, నింపడానికి పదిహేను రోజుల వ్యవధి ఉంటుంది. సరుకు కదలకముందే ఇన్వాయిస్ ఉండడం కూడా నేరం కాదు. అయినా రద్దు చేయించాను. కారణం, ఆయనకు మేమిచ్చిన ముప్పై రోజుల అప్పు గడువు ఇన్వాయిస్ తేదీ నుంచి నడుస్తుంది. ఇంకా చేతికి రాని సరుకు మీద నాలుగు రోజులు కోల్పోయారని నెల తరువాత ఆయన కనిపెడితే, అప్పుడు నేనేమి చెప్పినా వినరు. రద్దు చేయాలంటే తీసిన ఇరవై నాలుగు గంటల లోపలే చేయాలి, అంటే మంగళవారం ఉదయం పది లోపల. ముందు ఈ-వే బిల్లు రద్దు, తరువాత ఇన్వాయిస్ రద్దు, ఆ వరుసలోనే. రద్దయిన నంబరు మళ్ళీ వాడుకోలేము, శుక్రవారం కొత్త నంబరుతో కొత్త ఇన్వాయిస్ తీయాలి. సోమవారం సాయంత్రం ఆరు గంటలకు లెక్కల గుమాస్తా గొణుక్కుంటూనే రెండూ రద్దు చేశాడు.

మంగళవారం పది గంటలకు లారీ వచ్చింది. పాల కేంద్రం డబ్బు రాలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. డ్రైవరు (యజమాని బావమరిది) గేటు దగ్గర టీ తాగుతూ నన్నే చూస్తున్నాడు. ఆ చూపు నాకు 2012 నుంచి పరిచయమే. అప్పుడు ఒక సాహసం చేశాను. డబ్బు రాకపోయినా ఎక్కించడం మొదలుపెట్టించాను, కాగితాలు మాత్రం ఆపాను. ఎక్కించడానికి ఎలాగూ రెండు మూడు గంటలు పడుతుంది. మూడుంబావుకు బ్యాంకు నుంచి సందేశం వచ్చింది. నాలుగున్నరకు లారీ కదిలింది. అది రాకపోయి ఉంటే ఎక్కించిన సరుకును రాత్రికి దింపించవలసి వచ్చేది. ఆ ఖర్చుకు నా దగ్గర సమాధానం లేదు. మంచి నిర్ణయమని ఇప్పుడు చెప్పుకోవడం సులువే గాని, ఆవేళ అది జూదమే.

బుధవారం మధ్యాహ్నానికి లారీ దాచేపల్లి చేరిందని యజమాని చెప్పాడు. గురువారం నాలుగు గంటల దాకా పల్లె నుంచి ఏ ఫోనూ రాలేదు. అయినా మేస్త్రికి నేనే చేశాను. చాలాసేపు మోగాక నిద్రగొంతుతో "గుర్తుందయ్యా, శనివారం" అని పెట్టేశాడు. శుక్రవారం కొత్త ఇన్వాయిస్, కొత్త ఈ-వే బిల్లు, ఆదివారం అర్ధరాత్రి దాకా ఆయుష్షు. ప్యానెళ్ళ అంచులకు థర్మోకోల్ ముక్కలు పెట్టి, ఆ పైన తాళ్ళు బిగించి, టార్పాలిన్ కప్పి పంపాను.

శనివారం లారీ ఆరింటికి బదులు ఏడున్నరకు చేరింది. ఊరి మొదట్లో, తిరిగివచ్చిన ప్రభను విప్పుతూ వెదుళ్ళు దారికి అడ్డంగా పరిచారట. వాటిని జరిపించుకొని వెళ్ళేసరికి ఆలస్యమయింది. ఎనిమిది మంది ఉంటామన్న చోట ఆరుగురే వచ్చారు. అయినా పదకొండుకల్లా దింపేశారు. పెద్దాయన లారీ రసీదు వెనక తన చేత్తో రాసి సంతకం చేసిన కాగితం ఫొటో నాకు వచ్చింది: "48 అందినవి. 2 అంచు నొక్కుకున్నవి." ఆ నొక్కు తాడుదా, దింపినవాళ్ళదా అన్నది ఆ ఫొటోలో తెలియదు. హాల్టింగ్ అడగనని లారీ యజమాని, తాడు మాది కాదని మా ప్యాకింగు వాళ్ళు, మేము మెల్లగానే దింపామని మేస్త్రి. ఆ రెండు ప్యానెళ్ళ డబ్బు ఎవరి ఖాతాలో రాయాలో తేలేసరికి ఉగాది దాటింది.